ఇరవై సెకన్లలో ఒక వంటకం: హోటల్ టీజర్ స్క్రిప్ట్‌లో ఏ మాట ఎందుకు ఉంటుంది?

ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒక హోటల్ వీడియో కనిపిస్తుంది. మూకుడులో నూనె మరుగుతుంది, బిర్యానీ హండీ మూత లేస్తుంది, వెనకాల ఒక గొంతు గబగబా ఏదో చెబుతుంది. అలాంటివి పది చూశాక ఏ హోటల్లో ఏం తినాలో ఒక్కటీ గుర్తుండదు. లక్షల మంది చూసిన వీడియో పెట్టిన హోటల్లో ఆదివారం కూడా సగం టేబుళ్లు ఖాళీగా ఉండొచ్చు. పెద్దగా ఎవరూ చూడని చిన్న వీడియో వల్ల ఇంకో చోట మధ్యాహ్నం రెండు గంటలకే కూర అయిపోవచ్చు. కెమెరా ఒకటే అయినా, ఖర్చు ఒకటే అయినా, ఈ తేడా చాలాసార్లు స్క్రిప్ట్‌లోనే ఉంటుంది. ఆ స్క్రిప్ట్ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ఒక్క వంటకాన్ని పట్టుకుని చూద్దాం.

టీజర్ అంటే ఏది, ఏది కాదు

ఈ మాటల్ని చాలామంది కలిపేస్తారు. హోటల్ గురించి మొత్తం చెప్పేది ప్రకటన. అక్కడ ఏమేం దొరుకుతాయి, ఎంత మంది కూర్చోవచ్చు, పార్టీ ఆర్డర్లు తీసుకుంటారా, ఇవన్నీ అందులో ఉంటాయి. తిన్నవాళ్లు ఎలా ఉందో చెప్పేది రివ్యూ. మెనూ కార్డులో వంటకం కింద రాసే ఒకటి రెండు లైన్లు అప్పటికే లోపలికొచ్చి కూర్చున్నవాళ్ల కోసం.

టీజర్ ఇంకా ఇంట్లోనో, బస్సులోనో ఉన్న మనిషి కోసం. దాని పని ఒకే వంటకం మీద ఆకలి పుట్టించి, దానికోసం బయలుదేరడానికి ఒక కారణం చేతిలో పెట్టడం. ఇందులో రెండు పనులున్నాయి. ఆకలి పుట్టించేవి ఇంద్రియాలకు తగిలే మాటలు. బయలుదేరదీసేది కారణం. ఆకలి పుట్టి కారణం లేకపోతే మనిషి పక్కవీధి హోటల్‌కే వెళ్లి అదే తింటాడు. కారణం ఉండి ఆకలి పుట్టకపోతే వీడియోను పైకి తోసేస్తాడు.

తీర్పు చెప్పే మాటలు, తగిలే మాటలు

"నోరూరించే", "అద్భుతమైన", "రుచికరమైన", "అదిరిపోయే". ఇవన్నీ తీర్పులు. వంటకం బాగుందని చెబుతాయి కానీ అదెలా ఉంటుందో చెప్పవు. ఈ నాలుగింటినీ పాయసానికీ వాడొచ్చు, పచ్చడికీ వాడొచ్చు, పీతల ఇగురుకూ వాడొచ్చు. అంటే వినేవాళ్ల మనసులో ఏ వంటకమూ కదలదు.

"ఆవాలు చిటపటలాడాయి" అంటే చెవికి తగులుతుంది. "కుతకుత ఉడుకుతోంది" అంటే అది నీళ్లు మరిగినట్టు కాదని, చిక్కటి పులుసు నిదానంగా బుడగలేస్తోందని తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గారె కరకరలాడుతుంది, మీగడ నాలుక మీద జారుతుంది, వెల్లుల్లి కారం ముక్కుకు ఘాటుగా కొడుతుంది. తెలుగులో ఇలాంటి మాటలు కొల్లలుగా ఉన్నాయి. మన ఇళ్లల్లో వంట గురించి మాట్లాడుకునే తీరే ఇది. వీడియో స్క్రిప్ట్ రాయగానే వీటిని పక్కనపెట్టి "నోరూరించే" దగ్గరికి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తగిలే మాట ఎందుకు పనిచేస్తుందో చెప్పే పరిశోధనలు కొన్ని ఉన్నాయి. 2006లో స్పెయిన్ పరిశోధకులు కొందరికి మెదడు స్కానింగ్ చేస్తూ మాటలు చదివించారు. దాల్చినచెక్క, వెల్లుల్లి వంటి వాసన ఉన్న వస్తువుల పేర్లు చదివినప్పుడు వాసనను గ్రహించే మెదడు భాగాలు కూడా చురుకయ్యాయి. మామూలు పేర్లకు అలా జరగలేదు. అక్కడ వాసన ఏమీ లేదు, ఉన్నది మాట మాత్రమే.

క్యాంటీన్‌లో చేసిన ప్రయోగం ఇంకా దగ్గరగా ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఒకే కూరగాయల వంటకానికి రోజుకో రకం పేరు పెట్టి చూశారు. ఒకరోజు ఉత్త "బీట్‌రూట్" అని రాశారు. ఒకరోజు చక్కెర కలపలేదని, ఆరోగ్యానికి మంచిదని రాశారు. ఇంకోరోజు ఘాటు మిర్చి, పుల్లటి నిమ్మ కలిపిన బీట్‌రూట్ అనే అర్థంలో రాశారు. వంటలో మార్పేమీ లేదు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, రుచిని ఊరించే పేరు పెట్టిన రోజున ఉత్త పేరు రోజుకన్నా 25 శాతం ఎక్కువ మంది దాన్ని వడ్డించుకున్నారు.

ఇదే బృందం తర్వాత ఐదు యూనివర్సిటీల క్యాంటీన్లలో ప్రయోగాన్ని విస్తరించింది. 2019లో వెలువడిన ఆ ఫలితాల్లోనూ రుచి చెప్పే పేర్లే గెలిచాయి, కానీ తేడా 14 శాతానికి తగ్గింది. పైగా ఒక షరతు బయటపడింది. ఆ క్యాంటీన్‌లో కూరగాయలు నిజంగా బాగుంటాయని పేరున్న చోటే పేర్లు బాగా పనిచేశాయి. వంట బాగోని చోట మాటలు పెద్దగా లాభం తేలేదు. హోటల్ టీజర్ రాసేవాళ్లకు ఈ రెండో ఫలితమే ఎక్కువ పనికొస్తుందని నేను అనుకుంటాను.

కెమెరా చూపించలేనిది మాట చెప్పాలి

మెనూ కార్డులో మాటకు తోడు ఏమీ ఉండదు. వీడియోలో బొమ్మా ఉంది, శబ్దమూ ఉంది. అందుకే ఇక్కడ లెక్క మారుతుంది. తెర మీద ఎర్రటి పులుసు కనిపిస్తుండగా గొంతు "ఎర్రటి పులుసు" అంటే ఆ రెండు మాటలూ వృథా. నూనెలో చుర్రుమనే శబ్దం వినిపిస్తుంటే "చుర్రుమంటోంది" అని చెప్పక్కర్లేదు, దాన్ని వినబడనిస్తే చాలు.

కెమెరాకు అందనివి నాలుగున్నాయి: వాసన, వేడి, చేతికి నోటికి తెలిసే మెత్తదనం గట్టిదనం, ఇక రుచి. మాటలు ఈ నాలుగింటి మీద ఖర్చు కావాలి. ఇరవై సెకన్ల వీడియోలో తాపీగా, వంటశాల శబ్దాలకు కూడా కాస్త చోటు ఉంచి మాట్లాడితే 35, 40 తెలుగు మాటలు పడతాయి. మన మాటలు పొడవు. "కాల్చుకోవడానికి" అన్నది ఒకటే మాటైనా పలకడానికి సెకను దగ్గర పడుతుంది. ఇంత ఇరుకులో కళ్లకు కనిపించేదాన్ని మళ్లీ చెప్పే వీలు లేదు.

అసలు గొంతే వద్దని, వంటశాల శబ్దాలే చాలని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది. దోసె పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడును ఏ వాక్యమూ మించలేదు. భాష రానివాళ్లకు కూడా అది అందుతుంది. కానీ శబ్దం ఆకలి పుట్టిస్తుంది తప్ప ఫలానా హోటల్‌కే ఎందుకు వెళ్లాలో చెప్పదు. పెనం చప్పుడు అన్ని హోటళ్లలోనూ ఒకటే. కనీసం ఆ ఒక్క కారణం చెప్పడానికైనా మాట కావాలి, గొంతుతో కాకపోతే తెర మీద అక్షరాలతో.

ఒక వంటకం పట్టుకుని చూద్దాం: సంగటి, నాటుకోడి పులుసు

రాజంపేట దగ్గర కడప రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్ ఉందనుకుందాం. ఉదాహరణ కోసం ఊహించుకున్నదే, కానీ ఇలాంటి హోటళ్లు ఆ దారిలో చూడనివాళ్లు ఉండరు. తిరుపతి వెళ్లివచ్చే కార్లు ఎక్కువ. యజమాని మొదట రాయించిన స్క్రిప్ట్ ఇలా ఉంటుంది:

> "నోరూరించే రుచులకు కేరాఫ్ అడ్రస్! శుచి, శుభ్రతలతో, అనుభవజ్ఞులైన మాస్టర్లచే తయారు చేయబడిన రాగి సంగటి, నాటుకోడి పులుసు, దమ్ బిర్యానీ, తందూరీ, చైనీస్ వంటకాలు. ఏసీ హాల్, విశాలమైన పార్కింగ్ కలదు. ఆర్డర్లపై ఫంక్షన్లకు సప్లై చేయబడును. కుటుంబ సమేతంగా విచ్చేయండి!"

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా పక్క హోటల్ వాళ్లు బోర్డు మార్చుకుని దీన్నే వాడుకోవచ్చు, ఆ తర్వాతి హోటల్ వాళ్లూ వాడుకోవచ్చు. కళ్లు మూసుకుని వింటే ఒక్క వాసన తగలదు. ఎనిమిది విషయాలు చెప్పి, ఏ ఒక్కదాని కోసమూ రమ్మనలేదు.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. ఈ హోటల్లో సంగటి అందరిలాగే చేస్తారు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు అలాగే మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో గట్టిగా కెలికి ముద్దలు చేస్తారు. పులుసులో మసాలా కూడా ఆ ప్రాంతంలో అందరూ వేసేదే. ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, చెక్క, లవంగం వేయించి నూరతారు. తేడా కోడి దగ్గర ఉంది. మామూలు రోజుల్లో తోలు తీసేసిన కోడినే వండుతారు. ఆదివారం మాత్రం యజమాని అత్తగారు పొద్దున్నే కూర్చుని ఈకలు తీయిస్తుంది, కోడికి పసుపు రాసి కట్టెల మంట మీద అటూ ఇటూ తిప్పుతూ కాల్పిస్తుంది. మిగిలిన సన్న ఈకలు మాడిపోతాయి, తోలు బిగిసి అక్కడక్కడా నల్లబడుతుంది. కడిగి తోలుతో సహా ముక్కలు కొడతారు. ఆ కాలిన వాసన పులుసులోకి దిగుతుంది. చిన్నప్పుడు పల్లెలో పండక్కి ఇలా తిన్నవాళ్లు పట్టణం వెళ్లాక దీనికోసమే వెతుక్కుంటారు.

మరి రోజూ ఎందుకు చెయ్యరు? కాల్చడానికి విడిగా పొయ్యి వెలిగించాలి, ఓ మనిషి అక్కడే ఉండాలి. నాటుకోడి గట్టిది కాబట్టి ఉడకడానికి గంట దాకా పడుతుంది. అంత పని ఆదివారం రద్దీకి తప్ప గిట్టుబాటు కాదు. యజమానికి ఇది ఇంట్లో పని, గొప్పగా తోచలేదు. అందుకే మొదటి స్క్రిప్ట్‌లో ఏసీ హాల్ ఉంది కానీ ఇది లేదు. ఈ రంగంలో పదేపదే కనిపించే సంగతే ఇది. అసలు కారణం యజమాని అలవాటైపోయి పట్టించుకోని పనిలో దాగి ఉంటుంది.

ఇది తెలిశాక స్క్రిప్ట్ ఇలా మారుతుంది:

> (మొదటి మూడు సెకన్లు మంట చప్పుడు మాత్రమే.)
>
> "పసుపు రాసిన నాటుకోడి. కట్టెల మంట మీద తోలు బిగుసుకుంటోంది.
>
> ఆ కాలిన వాసన పోకుండా, తోలుతోనే, పులుసులో గంటసేపు కుతకుత.
>
> చేయి తడుపుకుని వేడి సంగటి ముద్ద తుంచండి. మధ్యలో గుంట చేసి పులుసు పొయ్యండి.
>
> ఇలా కాల్చి వండేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. రాజంపేట దాటగానే, కడప రోడ్డు."

మొత్తం 37 మాటలు. "రుచి" అన్న మాటే లేదు. "కాలిన వాసన" ముక్కుకు, "బిగుసుకుంటోంది", "తడుపుకుని", "తుంచండి" చేతికి, "వేడి" ఒంటికి తగులుతాయి. చేయి తడుపుకోవడమన్న చిన్న వివరం నాకు వీటన్నిటిలోకి ఇష్టం. సంగటి పొడిచేతికి అంటుకుంటుంది కాబట్టి తినేవాళ్లు వేళ్లు తడుపుకుంటారు. ఆ ఒక్క పని చెప్పగానే తిన్నవాడి చేతికి ముద్ద గుర్తొస్తుంది. ఎప్పుడూ తిననివాడికి ఎలా తినాలో తెలుస్తుంది.

ఒక్కటే కారణమా? మిగతావి ఏమైనట్టు?

ఈ స్క్రిప్ట్ చూసి, కారణాలు రెండున్నాయి కదా, కాల్చిన కోడి ఒకటి, ఆదివారం ఒకటి అనొచ్చు. కారణం ఒకటే: ఇక్కడ కోడిని కాల్చి తోలుతో వండుతారు. ఆదివారం మధ్యాహ్నం అన్నది ఆ కారణం ఎప్పుడు దొరుకుతుందో చెప్పే వివరం. ఊరు, రోడ్డు కూడా అలాంటివే. కారణం "ఎందుకు" అన్నదానికి జవాబు, వివరం "ఎప్పుడు, ఎక్కడ" అన్నదానికి. వివరాలు ఎన్నున్నా ఒకే కారణానికి వేలాడుతుంటే ఇబ్బంది లేదు. అదే చివర్లో "దమ్ బిర్యానీ మీద 20 శాతం తగ్గింపు కూడా" అని కలిపితే రెండో కారణం వచ్చి పడుతుంది. అంతసేపు మంట దగ్గర నిలిచిన మనసు బిర్యానీ ధర వైపు మళ్లుతుంది.

దీనికి హోటల్ వాళ్ల అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. భోజనానికి సాధారణంగా ఒక్కరు రారు, కారు నిండా కుటుంబం వస్తుంది. నాన్నకు నాటుకోడి కావాలి, అమ్మమ్మ ఆదివారం మాంసం ముట్టదు, పిల్లలకు ఫ్రైడ్ రైస్ కావాలి. అక్కడ శాకాహారం ఉందో లేదో తెలియకపోతే అమ్మమ్మ కోసం కారు ఇంకో హోటల్ ముందు ఆగుతుంది. అంటే మిగతా విషయాలు అనవసరమైనవేమీ కావు. అయితే అవి రావడానికి కారణాలు కావు, రాకుండా చేసే అడ్డంకులను తొలగించేవి. నాటుకోడి కోసం వెళ్దామని నాన్న అనుకున్నాకే, అమ్మమ్మకు ఏముందని అడుగుతారు. ఆ జవాబు వీడియో కింద రాసే లైన్లలో, మ్యాప్‌లో హోటల్ పేరు దగ్గర, ఫోన్ ఎత్తిన మనిషి నోట ఉంటే సరిపోతుంది.

కొన్ని వంటకాలకు కారణం వెతకనక్కర్లేదు, కాలమే ఇస్తుంది. గోదావరికి వరద నీరొచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులసకు రాజమండ్రిలో టీజర్ రాయడం తేలిక. "వచ్చింది" అన్న ఒక్క మాట చాలు. రంజాన్ నెలలో హైదరాబాద్ హలీం కూడా అంతే. ఆ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నెల మొదలవగానే హోటళ్ల ముందు భట్టీలు వెలుస్తాయి. గంటల తరబడి ఉడికిన గోధుమ, మాంసం, నెయ్యి వాసన రోడ్డు మీదికే వస్తుంది. ఇలాంటి చోట వచ్చే చిక్కు వేరే. ఊరంతటికీ అదే కారణం కాబట్టి, "హలీం వచ్చింది" అంటే పక్క హోటల్‌కూ లాభమే. అక్కడ మళ్లీ మన భట్టీ దగ్గర ఏముందో చెప్పాల్సి వస్తుంది.

మాట ఎక్కడ గీత దాటుతుంది

"ఒక్కపూటే", "40 ప్లేట్లే", "అయిపోతే లేదు" లాంటి మాటలు బలంగా పనిచేస్తాయి. అవి నిజమైనంత వరకే వాటికి విలువ. పై ఉదాహరణలో ఒక్కపూటే ఎందుకో వంటింట్లోనే జవాబుంది. అది లేకుండా ఉత్తినే హడావుడి పెట్టిస్తే, బుధవారం వచ్చినవాడికి కూడా అదే కాల్చిన కోడి అని వడ్డిస్తే, రెండోసారి ఆ హోటల్ మాట ఎవరూ నమ్మరు.

చట్టం కూడా ఇక్కడికి వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాలు ఎర వేసే ప్రకటనల గురించి విడిగా చెప్పాయి. ఊరించిన వస్తువు తగినంత లేకుండా జనాన్ని రప్పించి వేరేది అంటగట్టకూడదు, సరుకు పరిమితంగా ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. కార్లన్నీ వచ్చేసరికి "కాల్చింది అయిపోయింది సార్, బాయిలర్ ఉంది" అనడం ఈ గీతకు చాలా దగ్గరగా వెళ్తుంది. ఆదివారానికి ఎన్ని ప్లేట్లో వీడియో కింద రాసి, అయిపోగానే అక్కడే ఆ మాట పెట్టే హోటళ్లకు ఈ టెన్షన్ ఉండదు.

ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన నిబంధనలు "సహజమైన", "తాజా", "సంప్రదాయ" వంటి మాటలను ఎప్పుడు వాడవచ్చో హద్దులు పెట్టాయి. గమనిస్తే ఇవన్నీ కూడా తీర్పు మాటలకు దగ్గరివే. "సంప్రదాయ పద్ధతిలో" అంటే నిరూపించమని అడగొచ్చు, వినేవాడికి మాత్రం ఏమీ కనిపించదు. "కట్టెల మంట మీద కాల్చి" అంటే కనిపిస్తుంది, నిజమో కాదో పెరట్లోకి వెళ్లి చూసుకోవచ్చు.

ఇక తెర మీద చేసే మాయ. పొగ కోసం పళ్లెం వెనక వేరే ఏదో పెట్టడం, మెరుపు కోసం పైన నూనె పూయడం ఫొటోల్లో పాత పద్ధతులే. కొంత వరకు అది అలంకారమేనని కెమెరా పనివాళ్లు అంటారు. వాళ్లకూ ఇబ్బందులున్నాయి. వేడి పులుసు ఆవిరి లైట్ల కింద సరిగా కనబడదు, సంగటి రెండు నిమిషాల్లో పైన ఆరిపోతుంది. కానీ తెర మీద ముక్క మెత్తగా విడిపోయి, ప్లేటులో నాటుకోడి గట్టిగా తగిలితే తిన్నవాడు కోడి పాతదని అనుకుంటాడు. నాటుకోడి నమలాలి, ఎముక గట్టిగా ఉంటుంది. అందుకే "నోట్లో వెన్నలా కరిగే" అన్న మాట ఎంత అందంగా ఉన్నా ఈ వంటకానికి చేటు చేస్తుంది. "ఎముక దగ్గర మాంసం నమిలేకొద్దీ పులుసు దిగుతుంది" అంటే కొందరు రారు. వచ్చినవాళ్లు మాత్రం దానికోసమే వస్తారు. ఘాటు సంగతీ అంతే. కారం గట్టిగా ఉంటే ఆ మాట స్క్రిప్ట్‌లో ఉండటమే మేలు, లేకపోతే కారం తినలేనివాళ్లు వచ్చి ఒక స్టార్ ఇచ్చి వెళ్తారు.

పనిచేసిందని ఎలా తెలుస్తుంది

ఎంత మంది చూశారన్న లెక్క ఒక్కటే సరిపోదు. హైదరాబాద్‌లో మంచం మీద పడుకుని చూసినవాడు రాజంపేటకు రాడు. కౌంటర్ దగ్గర వినిపించే ప్రశ్న ఎక్కువ చెబుతుంది. "ఏమున్నాయి?" అని అడిగితే ఆ మనిషి దారినపోతూ ఆగినవాడు. "కాల్చిన కోడి ఉందా?" అని అడిగితే స్క్రిప్ట్‌లోని కారణం అతని నోటికి చేరినట్టు. "వీడియోలో చూశాం, బిర్యానీ ఎంత?" అంటే ఆకలి పుట్టింది కానీ కారణం జారిపోయింది. వరసగా కొన్ని ఆదివారాలు ఈ మూడు ప్రశ్నల్లో ఏది ఎక్కువ వచ్చిందో బిల్లు కొట్టే అబ్బాయి ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటే, స్క్రిప్ట్‌లో ఏ వాక్యం మార్చాలో దాదాపు తెలిసిపోతుంది.

ఎంత వెతికినా కారణం దొరకని వంటకాలూ ఉంటాయి. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ బాగుంది, వీధిలో ఇంకో మూడు హోటళ్లలోనూ అలాగే ఉంది. అలాంటప్పుడు స్క్రిప్ట్ రాసేవాడు మాటల కోసం తంటాలు పడి లాభం లేదు. ఆ హోటల్‌కు టీజర్ రాయాలంటే ముందు ఉదయం ఐదింటికే తెరవడమో, రోట్లో రుబ్బిన పచ్చడి పెట్టడమో, ఏదో ఒకటి వంటింట్లో మొదలవ్వాలి.